చేసింది మెకానిక్, చేయించింది మీరు

బెంగళూరులో అద్దె ఇంట్లో ఉంటున్న ఒక తెలుగు ఉద్యోగిని ఊహించుకుందాం. గీజర్ వేడెక్కడం మానేస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి లోపలి ఎలిమెంట్ మార్చి వెళ్ళాడు. వంటింట్లో కుళాయి కారుతుంటే ప్లంబర్ వచ్చి కొత్తది బిగించాడు. హాల్లో తేమకు పెచ్చులూడిన గోడకు పెయింటర్ పుట్టీ పెట్టి రంగు వేశాడు. ముగ్గురికీ కలిపి 6,400 రూపాయలైంది. ఆ డబ్బు అద్దెలో తగ్గించుకుంటానని ఇంటి యజమానికి ఇంగ్లీషులో మెయిల్ రాశాడు: "ఐ రిపేర్డ్ ది గీజర్. ఐ చేంజ్డ్ ది కిచెన్ ట్యాప్. ఐ పెయింటెడ్ ది హాల్ వాల్."

మూడు వాక్యాల్లోనూ వ్యాకరణం తప్పు లేదు. తప్పల్లా అర్థంలోనే ఉంది. గీజర్ తానే విప్పి బాగు చేశానని, కుళాయి తానే మార్చానని, గోడకు తానే రంగు కొట్టానని ఆ వాక్యాలు చెబుతున్నాయి. యజమాని ఆ మాటను ఆ మాటగానే తీసుకుంటే రెండు ప్రశ్నలు అడుగుతాడు. అన్నీ మీరే చేసుకున్నప్పుడు కూలి డబ్బులు ఎవరికిచ్చారు? కరెంటు వస్తువును మిమ్మల్ని ఎవరు విప్పమన్నారు?

మన దేశంలో చాలామంది ఇలాంటి వాక్యాన్ని సర్దుకొని అర్థం చేసుకుంటారు, ఎందుకంటే వాళ్ళూ అలాగే మాట్లాడతారు. ఆ సర్దుబాటు దొరకని చోట్లున్నాయి. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ గురించి "ఐ రిపేర్డ్ ఇట్ లాస్ట్ మంత్" అని కంపెనీకి రాస్తే, సొంతంగా విప్పారన్న అర్థం వెళుతుంది, వారంటీ చిక్కులో పడుతుంది. ఆస్ట్రేలియాలో లైసెన్సు లేనివాళ్ళు ఇంటి వైరింగ్ పని చేయడం చట్టవిరుద్ధం. అక్కడి అద్దె ఏజెంటుకు "ఐ రీప్లేస్డ్ ది స్విచ్‌బోర్డ్" అని రాయడమంటే, చేయని నేరాన్ని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే. పిలిచింది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే అయినా, ఆ సంగతి వాక్యంలో ఎక్కడా లేదు.

ఇదే ఉద్యోగి అమ్మకు ఫోన్ చేసినప్పుడు "గీజర్ రిపేరు చేశాను" అనడు. "చేయించాను" అంటాడు. మన భాషలో ఈ తేడా అంత లోతుగా నాటుకుంది. చేశాను, చేయించాను. కుట్టాను, కుట్టించాను. వేశాను, వేయించాను. బోరు వేయించాం, ఇంటికి సున్నం కొట్టించాం, కత్తికి సాన పట్టించాం, పన్ను పీకించుకున్నాను, పాపకు చెవులు కుట్టించాం. బడికి వెళ్ళని పిల్లాడు కూడా ఈ "ఇంచు"ను పొరపాటు పడకుండా వాడతాడు. వ్యాకరణం దీన్ని ప్రేరణార్థకం అంటుంది. పని ఇంకొకరిది, పూనిక మనది అని చెప్పడానికి క్రియ మధ్యలో ఒక చిన్న ముక్క చేరిస్తే చాలు. ఇంతగా తెలిసిన తేడాను ఇంగ్లీషులోకి వెళ్ళగానే ఎందుకు వదిలేస్తున్నాం? అక్కడ క్రియలో చేర్చడానికి అలాంటి ముక్క లేదు గనక. రిపేర్ అనే క్రియకు "రిపేరించు" లేదు. ఆ పనిని ఇంగ్లీషు వాక్యంలో మాటల వరసకు అప్పగించింది. మన బడుల్లో మూడో రూపాన్ని, అంటే వీ-త్రీని, "హ్యావ్" పక్కన పెట్టి ఒకసారి, కర్మణి వాక్యంలో పెట్టి ఒకసారి నేర్పుతారు. ఈ మూడో ఉపయోగం దగ్గరికి వచ్చేసరికి సిలబస్ చివరి పేజీలో ఉంటుంది, లేదా పరీక్షలు దగ్గర పడి ఉంటాయి. నా దృష్టిలో దీన్ని ముందే, మన "ఇంచు"ను పక్కన పెట్టుకొని నేర్పాలి.

వరస ఇది: మొదట చేయించినవాడు, తర్వాత "హ్యావ్" లేదా "గెట్", తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం. "ఐ హ్యాడ్ ది గీజర్ రిపేర్డ్." గీజర్ రిపేరు చేయించాను. "ఐ గాట్ ది ట్యాప్ చేంజ్డ్." కుళాయి మార్పించాను. ఎవరు చేశారో చెప్పనవసరం లేదు, వేరెవరో చేశారన్నది ఆ వరసలోనే ఉంది.

ఈ వరసలో వస్తువు స్థానమే ప్రాణం. "ఐ హ్యావ్ రిపేర్డ్ ది గీజర్" అన్నా అవే మాటలున్నాయి. రిపేర్డ్ కాస్త ముందుకు జరిగింది, అంతే. కానీ అర్థం పూర్తిగా తిరగబడింది: నేనే బాగు చేసేశాను. మూడో రూపం హ్యావ్‌కు అంటుకుంటే చేసింది నేను. వాటి మధ్యకు వస్తువు వచ్చి కూర్చుంటే చేయించింది నేను. దీనికి వెనక చరిత్ర కూడా ఉంది. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో హ్యావ్, వస్తువు, మూడో రూపం అనే వరస బాగా వాడుకలో ఉండేది. ఆ వస్తువు ఆ పని పూర్తయిన స్థితిలో నా దగ్గర ఉంది అన్నది దాని మూలార్థం. "నేను చేసేశాను" అని చెప్పే నేటి రూపం కూడా అందులోంచే పుట్టింది. తరాలు గడిచేకొద్దీ ఆ అర్థంలో మూడో రూపం ముందుకు జరిగి హ్యావ్ పక్కన స్థిరపడింది. అందుకే ఈనాడు ఒకే రెండు మాటలు, స్థానాన్ని బట్టి రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి.

మనవాళ్ళు గెట్‌తో చేసే పొరపాటు కూడా ఈ స్థానం దగ్గరే. "ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్" అన్న వాక్యం హైదరాబాద్ మెట్రోలోనో, విజయవాడ బస్టాండులోనో తరచూ చెవిన పడేదే. "రిపేరు చేయించాను ఫోన్" అని మన నోట సహజంగా వస్తుంది, తెలుగులో మాటలు అటూ ఇటూ జరిగినా అర్థం చెడదు. ఇంగ్లీషుకు ఆ వెసులుబాటు లేదు. "ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్" అనాల్సిందే. వస్తువు పేరు ఎంత పొడుగ్గా ఉన్నా అది మధ్యలోనే ఉండాలి: "ఐ గాట్ ది బ్యాక్ టైర్ ఆఫ్ మై స్కూటర్ చేంజ్డ్."

ఇక కాలం సంగతి. నిన్న చేయించాను, రేపు చేయిస్తాను, ఇప్పుడు చేయిస్తున్నాను అనేవన్నీ హ్యావ్ లేదా గెట్ మీదే మారతాయి. చివరి మూడో రూపాన్ని ఏ కాలమూ తాకదు. దీన్ని ఆ ఉద్యోగి మెయిల్‌లోనే చూద్దాం. ఈసారి తిరగరాసి ఇలా పంపాడనుకోండి: "ఐ హ్యాడ్ ది గీజర్ రిపేర్డ్ ఆన్ మండే. ఐ హ్యావ్ ఆల్సో హ్యాడ్ ది కిచెన్ ట్యాప్ చేంజ్డ్. ఐ యామ్ హ్యావింగ్ ది హాల్ వాల్ పెయింటెడ్ దిస్ వీక్. ఐ విల్ హ్యావ్ ది చిమ్నీ క్లీన్డ్ నెక్స్ట్ మంత్."

మొదటి వాక్యంలో సోమవారం అని ఫలానా రోజు చెప్పాడు కాబట్టి "హ్యాడ్" సరిపోయింది. రెండో దాంట్లో రోజు చెప్పలేదు, పని అయిపోయిందన్న కబురు మాత్రమే ఇస్తున్నాడు కాబట్టి "హ్యావ్ హ్యాడ్" వచ్చింది. ఈ జంటను చూసి చాలామంది కంగారు పడతారు. అందులో మొదటి హ్యావ్ "అయిపోయింది" అని చెప్పడానికి, రెండో హ్యాడ్ "చేయించాను" అని చెప్పడానికి. రెండూ వేర్వేరు ఉద్యోగాలు చేస్తున్నాయి. మూడో వాక్యంలో పెయింటర్ ఇంకా పనిలో ఉన్నాడు, అందుకే "యామ్ హ్యావింగ్". కాలాలు ఇన్ని మారినా రిపేర్డ్, చేంజ్డ్, పెయింటెడ్, క్లీన్డ్ మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరైనా "ఐ విల్ హ్యావ్ ది చిమ్నీ క్లీన్" అని రాస్తే, రేపటి పని కాబట్టి క్రియను మొదటి రూపంలో పెట్టాలని వాళ్ళు అనుకున్నారన్నమాట. రేపటితనం "విల్"లో ఉంది. చిమ్నీ విషయానికొస్తే, అది శుభ్రమైన స్థితికి చేరాలి, ఆ స్థితిని చెప్పేది మూడో రూపమే.

ప్రశ్నల్లో ఇంకో తడబాటుంది. "బండి సర్వీసింగ్ చేయించావా?" అని అడగాలి. "హ్యాడ్ యూ యువర్ బైక్ సర్వీస్డ్?" అనడం నేటి ఇంగ్లీషుకు అతకదు. ఇక్కడి హ్యావ్ సహాయక్రియ కాదు, ఈట్, గో లాంటి మామూలు క్రియ, కాబట్టి దానికి "డిడ్" సాయం కావాలి: "డిడ్ యూ హ్యావ్ యువర్ బైక్ సర్వీస్డ్?" లేదనడానికి "ఐ డిడ్ నాట్ హ్యావ్ ఇట్ సర్వీస్డ్." గెట్‌తో ఈ గందరగోళమే రాదు, అది ఎప్పుడూ మామూలు క్రియే: "వెన్ డిడ్ యూ గెట్ ది ఏసీ సర్వీస్డ్?" మాట్లాడేటప్పుడు తడుముకునేవాళ్ళకు నేనైతే గెట్‌తోనే మొదలుపెట్టమంటాను.

క్రియ మూడో రూపం దగ్గర అసలు సిసలు చిక్కులు మన ఊరి పనుల్లోనే ఎదురవుతాయి. రిపేర్, సర్వీస్, పెయింట్, క్లీన్ లాంటివి చివర "డ్" చేర్చుకొని ఊరుకుంటాయి. పొలంలో మోటారు కాలిపోతే రైతు దాన్ని వైండింగ్ షాపుకు తీసుకెళతాడు. అక్కడ కాలిన రాగితీగ తీసేసి కొత్త తీగ చుడతారు. "మోటారు వైండింగ్ చేయించాను" అని ఇంగ్లీషులో చెప్పాలంటే "రీవైండెడ్" అని నోటికొస్తుంది. సరైన రూపం రీవౌండ్: "ఐ హ్యాడ్ ది మోటర్ రీవౌండ్." పిండి మరకు వెళ్ళి గోధుమలు పట్టించుకొచ్చాం అన్నప్పుడు గ్రైండ్ అనే క్రియకు మూడో రూపం గ్రౌండ్. "వియ్ హ్యాడ్ ది వీట్ గ్రౌండ్." వినగానే నేల గుర్తొస్తుంది గానీ, గ్రౌండ్ కాఫీ, గ్రౌండ్ పెప్పర్ అని డబ్బాల మీద రాసేది ఈ గ్రౌండే. బోరు వేయించాం అనడానికి డ్రిల్డ్ అంటే హాయిగా సరిపోతుంది, సింక్ అనే క్రియ వాడితే మాత్రం సంక్ అనాలి: "వియ్ హ్యాడ్ ఎ బోర్‌వెల్ సంక్." ల్యాబులో రక్తం తీయించుకున్నాను అంటే టేకెన్ లేదా డ్రాన్.

మరికొన్ని క్రియలు ఏ రూపంలోనూ మారకుండా ఇంకో రకంగా మోసం చేస్తాయి. "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్" అన్నప్పుడు ఆ కట్ మూడో రూపమే, చూడ్డానికి మొదటి రూపంలా ఉంటుంది. దీన్ని చూసి "ఐ హ్యాడ్ మై హెయిర్ కలర్" అనేస్తారు. కలర్ మారే క్రియ కాబట్టి కలర్డ్ అనాలి. ఇంకా ఒకటుంది, నోటి సంగతి. వరసంతా తెలిసినా, మాట్లాడేటప్పుడు చివరి "డ్" మింగేస్తాం. "ఐ గాట్ మై షర్ట్ ఐరన్" అని వినిపిస్తుంది. వాక్యం చివర పడే ఆ చిన్న హల్లే "చేయించాను"లోని సగం బరువు మోస్తుంది కాబట్టి దాన్ని స్పష్టంగా పలకాలి. పలికారా లేదా అన్నది తేలిగ్గా తెలియాలంటే ఆ వాక్యం తర్వాత అచ్చుతో మొదలయ్యే మాట చేర్చి చూడండి. "ఐరన్డ్ ఎగైన్" అన్నప్పుడు డకారం ఎకారంలో కలిసి "డె"గా వినబడాలి.

తెలుగులోని "చేయించుకున్నాను"లో ఉన్న "కొను" ఇంగ్లీషులో ఏమవుతుందని కూడా అడగొచ్చు. అది "మై"లోకి వెళ్ళిపోతుంది. "కళ్ళు పరీక్ష చేయించుకున్నాను" అంటే "ఐ హ్యాడ్ మై ఐస్ టెస్టెడ్." తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చి ఆఫీసులో "ఐ షేవ్డ్ మై హెడ్" అంటే అద్దం ముందు కూర్చొని సొంతంగా గీసుకున్నట్టు. "ఐ హ్యాడ్ మై హెడ్ షేవ్డ్" అంటే క్షురకుడు వాక్యంలో కనబడకపోయినా అక్కడ ఉన్నట్టే. తెలుగులోనూ ఒకచోట ఇలాంటి అస్పష్టత ఉంది. కత్తిరించు అనే క్రియలో "ఇంచు" ఉన్నా అది చేయించడాన్ని చెప్పదు. "జుట్టు కత్తిరించుకున్నాను" అంటే తానే కత్తిరించుకున్నాడా, మంగలి కత్తిరించాడా అన్నది తేలదు. అందుకే మనం వాడుకలో "కటింగ్ చేయించుకున్నాను" అంటున్నాం.

ఇప్పటిదాకా పనివాణ్ణి వాక్యంలోకి తేలేదు. తెస్తే వరస మారుతుంది. వస్తువు స్థానంలో మనిషి వస్తే, మూడో రూపం వెళ్ళిపోయి మొదటి రూపం వస్తుంది. "ఐ హ్యాడ్ ది మెకానిక్ చెక్ ది బ్రేక్స్." మెకానిక్ చేత బ్రేకులు చూపించాను. కారణం తేలికైనదే: గీజర్ బాగు చేయబడుతుంది, మెకానిక్ బాగు చేస్తాడు. మధ్యలో ఉన్నది పనికి లోనయ్యేదైతే మూడో రూపం, పని చేసేదైతే మొదటి రూపం. ఏది వాడాలో తెలియనప్పుడు మధ్యలో ఉన్న మాటను పట్టుకొని "ఇది చేస్తుందా, దీనికి చేస్తారా?" అని అడిగితే జవాబు దానంతటదే వస్తుంది.

ఇక్కడే హ్యావ్‌కీ గెట్‌కీ దారులు విడిపోతాయి. హ్యావ్ తర్వాత మనిషి వస్తే మధ్యలో "టు" ఉండదు. గెట్ తర్వాత మనిషి వస్తే "టు" ఉండి తీరాలి. "ఐ గాట్ ది మెకానిక్ టు చెక్ ది బ్రేక్స్." మనవాళ్ళు దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు: హ్యావ్‌కు టు తగిలిస్తారు, గెట్‌కు తీసేస్తారు. అర్థంలోనూ కొంచెం తేడా ఉంది. పని చేయడమే వృత్తిగా ఉన్నవాడికి పని అప్పగించినప్పుడు హ్యావ్ నప్పుతుంది. అమెరికా ఇంగ్లీషులో ఇది ఎక్కువ: "ఐ విల్ హ్యావ్ మై అసిస్టెంట్ కాల్ యూ." గెట్‌లో ఒప్పించడం, బతిమాలడం, వెంటపడటం ఉన్నాయి. ఆదివారం రానన్న ప్లంబర్‌ను ఎలాగోలా రప్పిస్తే "ఐ గాట్ ది ప్లంబర్ టు కమ్ ఆన్ సండే" అనాలి. అక్కడ హ్యాడ్ అంటే ఆ తంటాలు వాక్యంలో కనబడవు. బలవంతంగా చేయిస్తే "మేక్" వస్తుంది, దానికి కూడా టు అక్కర్లేదు: "హి మేడ్ మి వెయిట్."

మనిషిని వాక్యం చివరికి పంపాలనుకుంటే "బై" వాడాలి. మన "మెకానిక్‌తో చేయించాను"లోని "తో" ఇంగ్లీషులోకి "విత్"గా దూకేస్తుంది. "ఐ హ్యాడ్ ఇట్ రిపేర్డ్ విత్ ఎ మెకానిక్" అంటే మెకానిక్‌ను స్క్రూడ్రైవర్‌లా సాధనంగా వాడినట్టు ధ్వనిస్తుంది. "బై ఎ మెకానిక్" అనాలి. మనిషి పేరు కాక చోటు చెప్పేటప్పుడు "ఎట్": "ఎట్ ది సర్వీస్ సెంటర్." నిజానికి పని ఎవరు చేస్తారో అందరికీ తెలిసినదే అయితే ఆ ముక్కే అక్కర్లేదు. కటింగ్ మంగలి చేస్తాడని, పన్ను డెంటిస్టు పీకుతాడని చెప్పాల్సిన పని లేదు. బీమా క్లెయిమ్‌లోనో వారంటీ ఉత్తరంలోనో మాత్రం ఎవరు చేశారన్నదే ముఖ్యం, అక్కడ "బై ఎన్ ఆథరైజ్డ్ టెక్నీషియన్" అన్న నాలుగు మాటలు తప్పకుండా రాయండి.

రిపేరు అన్న మాటతో మనకు ఇంకో ప్రమాదముంది, ఇది ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో కనబడదు. తెలుగులో రిపేరు రెండు అర్థాల్లో వాడతాం. "బండి రిపేరు చేయించాను" అంటే బాగు చేయించాను. "బండి రిపేరు వచ్చింది", "బండి రిపేరైంది" అంటే పాడైంది. ఈ రెండో అర్థాన్ని మోసుకుపోయి ఆలస్యంగా ఆఫీసుకొచ్చినవాడు "మై బైక్ గాట్ రిపేర్డ్" అంటాడు. విన్నవాడికి బండి బాగైపోయిందని అర్థమవుతుంది. బాగైతే ఆలస్యమెందుకైంది? చెప్పాల్సింది "మై బైక్ బ్రోక్ డౌన్." ఆ తర్వాత "ఐ హ్యాడ్ టు గెట్ ఇట్ రిపేర్డ్", అంటే రిపేరు చేయించాల్సి వచ్చింది. ఇంకా చేయించలేదు, చేయించాలి అనడానికి "మై బైక్ నీడ్స్ రిపేరింగ్" లేదా "నీడ్స్ టు బి రిపేర్డ్." ఈ నాలుగు వాక్యాలూ సరిగ్గా పట్టుబడితే సర్వీస్ సెంటర్‌కు చేసే ఫోన్ సగం సులువవుతుంది.

గెట్‌లో ఉన్న ఒక సందు గురించి కూడా తెలుసుకోవాలి. షెడ్డులో మెకానిక్కే మనతో "ఐ విల్ గెట్ ఇట్ డన్ బై ఈవెనింగ్" అనవచ్చు. ఇంకొకరితో చేయిస్తాడని అర్థం కాకపోవచ్చు. సాయంత్రానికి పూర్తి చేసేస్తానని, తానే చేసినా, అలాగే అంటారు. గెట్‌లో ఎలాగైనా ముగిస్తాను అన్న పట్టుదల ఉంది కాబట్టి ఈ వాడుక వచ్చింది. హ్యావ్‌తో "ఐ విల్ హ్యావ్ ఇట్ డన్" అన్నప్పుడు ఇంకొకరి చేతి పనే ఎక్కువగా స్ఫురిస్తుంది. ఎవరు చేస్తారన్నది డబ్బుతోనో బాధ్యతతోనో ముడిపడి ఉంటే గెట్ మీద ఆధారపడకుండా మనిషి పేరు పెట్టి అడగడం మేలు.

ఇంత చెప్పాక, ఇంగ్లీషువాళ్ళు ప్రతిచోటా ఈ వరస పాటిస్తారనుకుంటే పొరపాటు. పని పెద్దదై, ఎవరూ ఒంటరిగా సొంత చేతులతో చేయలేరన్నది తెలిసిందే అయితే వాళ్ళూ వదిలేస్తారు. "వియ్ ఆర్ బిల్డింగ్ ఎ హౌస్" అని మేస్త్రీతో ఇల్లు కట్టించుకునేవాళ్ళే అంటారు. చార్మినార్ సంగతి చూడండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడని మనం అంటాం. ఇంగ్లీషు పుస్తకాల్లో మాత్రం అతను "బిల్ట్" అనే రాస్తారు, రాజు తాపీ పట్టాడని ఎవరూ అనుకోరు. ఈ విషయంలో మన భాషే ఎక్కువ జాగ్రత్త చూపిస్తుంది. కాబట్టి "ఐ బిల్ట్ ఎ హౌస్ ఇన్ మై విలేజ్" అన్నవాణ్ణి తప్పు పట్టనక్కర్లేదు. చిక్కంతా మనిషి సొంతంగా చేసుకునే వీలున్న పనుల్లో వస్తుంది: కటింగ్, రంగులు, కుళాయి, స్విచ్చు, బటన్ కుట్టడం, కారు కడగడం. అక్కడ రెండు అర్థాలకూ చోటుంది కాబట్టి వాక్యమే తేల్చాలి.

చివరగా ఈ వరస మనం చేయించని పనులకూ వస్తుంది, ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. "ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్ ఇన్ ది ట్రైన్." వరస అదే: హ్యాడ్, వస్తువు, మూడో రూపం. ఎవరూ తమ ఫోన్ తామే దొంగిలింపజేయరు కాబట్టి వినేవాడు దాన్ని నాకు జరిగిన నష్టంగా అర్థం చేసుకుంటాడు. "హి హ్యాడ్ హిస్ లెగ్ బ్రోకెన్ ఇన్ ఎ మ్యాచ్" కూడా అలాంటిదే. చేయించడమా, మీద పడటమా అన్నది క్రియను బట్టి, సందర్భాన్ని బట్టి తేలుతుంది. తేలని సందర్భాలూ ఉన్నాయి. "షి హ్యాడ్ ది లాక్ బ్రోకెన్" అంటే తాళంచెవి పోయి తానే పగలగొట్టించిందా, దొంగలు పగలగొట్టారా? వాక్యం రెండిటికీ సరిపోతుంది. పోలీసు ఫిర్యాదులో, బీమా కాగితంలో ఇలాంటి చోట హ్యావ్‌ను పక్కన పెట్టి "మై ఫోన్ వాజ్ స్టోలెన్", "ది లాక్ వాజ్ బ్రోకెన్ బై థీవ్స్" అని రాయండి. కొత్త తాళం బిగించినవాడి బిల్లు జతచేసేటప్పుడు మళ్ళీ హ్యావ్ దగ్గరికి రావచ్చు: "ఐ హ్యాడ్ ఎ న్యూ లాక్ ఫిటెడ్ ది సేమ్ డే."